ప్రెస్సు మూసేస్తున్నాం, పనివాళ్లకు నోటీసు ఎలా రాయాలి?

ప్రశ్న: పర్లాకిమిడిలో మా నాన్నగారు పెట్టిన ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతున్నాను. ఆయన పోయాక 2019లో నా చేతికొచ్చింది. శుభలేఖలు, బిల్లు బుక్కులు తగ్గిపోయి మూడేళ్లుగా నష్టమే. ఆగస్టు నెలాఖరుకి మూసేద్దామనుకుంటున్నాను. ఇప్పుడు తొమ్మిది మంది ఉన్నారు, ఒకప్పుడు పన్నెండు మంది. సగం మంది పాతపట్నం నుంచి వచ్చిపోతుంటారు. "31 నుంచి ప్రెస్సు మూసివేయబడును, ఇంతకాలం సహకరించినందుకు ధన్యవాదాలు" అని నోటీసు రాసి గోడకి అంటిద్దామనుకున్నా. నష్టంతో మూస్తున్నప్పుడు పరిహారం కట్టాలా? ఇవ్వాలంటే 2019 నుంచి లెక్క కడితే చాలా? వాళ్లందరి దగ్గరా రాజీనామాలు తీసుకుంటే ఏ గొడవా ఉండదని తెలిసినవాళ్లు అంటున్నారు. — ఒక ప్రెస్సు యజమాని, గజపతి జిల్లా

సమాధానం:

ముందు రాజీనామాల సంగతి తేల్చేద్దాం. ఆ పని చెయ్యకండి. రాజీనామా అంటే మనిషి తనంతట తాను మానుకున్నట్టు. అలా సంతకం పెట్టినవాడికి మూసివేత పరిహారం అడిగే దారి ఉండదు. ఆ సలహా వెనకున్న ఉద్దేశం కూడా అదే. పైగా తొమ్మిది మంది ఒకే రోజు, ఒకే రకం కాగితం మీద, ఒకే చేతిరాతతో రాజీనామా చేశారంటే లేబర్ ఆఫీసులో ఎవరూ నమ్మరు. బరంపురం పక్క ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇలాగే తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. అందులో ఒకతను అదే నెలలో జీతం పెంచమని రాసిన అర్జీ బయటపడింది. వచ్చే నెల జీతం పెరగాలని కోరుకున్నవాడు ఈ నెలలో ఎందుకు మానేస్తాడని అధికారి అడిగితే యజమాని దగ్గర జవాబు లేదు. చివరికి లెక్క ప్రకారం మొత్తం కట్టారు. ముందే కట్టి ఉంటే ఆ ఏడాదంతా తిరిగే పని ఉండేది కాదు.

ఇక నష్టం సంగతి. నష్టంలో ఉన్నా పరిహారం ఇవ్వాల్సిందే. చట్టం ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. యజమాని చేతిలో లేని, తప్పించుకోలేని కారణంతో మూతపడితే పరిహారం మూడు నెలల సగటు జీతం దాటక్కర్లేదని ఒక మినహాయింపు ఇచ్చింది. వెంటనే, ఏవి ఆ కారణం కిందకు రావో కూడా పేరుపెట్టి చెప్పింది. డబ్బు ఇబ్బందులు, నష్టాలు, అమ్ముడుపోని సరుకు పేరుకుపోవడం, అద్దె ఒప్పందమో లైసెన్సో గడువు తీరిపోవడం, ఇవేవీ చెల్లవు. శుభలేఖలు వాట్సాప్‌లోకి వెళ్లిపోవడం మీ తప్పు కాదు, ఒప్పుకుంటాను. కానీ చట్టం దాన్ని నష్టంగానే చూస్తుంది. అందుకని మూడు నెలల పరిమితి మీకు దొరకదు, పూర్తి లెక్కే వర్తిస్తుంది.

ఏ చట్టం అన్నది కూడా ఒక ముక్కలో చెప్తాను, ఎందుకంటే పాత నోటీసుల నమూనాలు ఇంకా చేతులు మారుతున్నాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. మూసివేత నోటీసు, పరిహారం లెక్క దాదాపు పాతదే. కానీ పాత సెక్షన్ల నంబర్లు వేసి నోటీసు రాస్తే బాగోదు. అసలు సెక్షన్లు ఏవీ రాయకుండా విషయం రాయడమే మేలు. పాతపట్నం నుంచి వచ్చేవాళ్ల గురించి కంగారు పడకండి. మహేంద్రతనయ అవతల వాళ్ల ఇల్లు ఉన్నా, పని చేసే చోటు పర్లాకిమిడి కాబట్టి అందరి లెక్కా ఒడిశాలోనే తేలుతుంది. శ్రీకాకుళం వెళ్లి ఎవరినీ అడగక్కర్లేదు.

ఇంకో భయం కూడా ఉంటుంది, మూసేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలా అని. యాభై మందికి తక్కువ ఉన్నచోట ప్రభుత్వానికి అరవై రోజుల ముందస్తు నోటీసు ఇచ్చే నియమం వర్తించదు. ముందస్తు అనుమతి తీసుకోవాల్సింది 300 మంది ఆపైన ఉన్న సంస్థలే. మీకు రెండూ లేవు. అయినా ప్రతి ఒక్కరికీ ఇచ్చిన నోటీసు నకలు జిల్లా లేబర్ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. రేపు ఎవరైనా అక్కడికి వెళ్తే అధికారికి కథ మొదటిసారి వినిపించేది మీ కాగితమే అవుతుంది.

ఇప్పుడు అసలు నోటీసుకి వద్దాం. మీరు రాసిన రెండు లైన్లలోనే రెండు చిక్కులున్నాయి.

మొదటిది "31 నుంచి" అన్న మాట. 31వ తేదీ పనికి రావాలా, వద్దా? మెషిన్ దగ్గర పనిచేసే మనిషికి 30తో అయిపోయిందని తోస్తుంది. లెక్కలు రాసేవారు 31 కూడా హాజరు వేస్తారు. ఒక్క రోజు జీతమే కదా అనిపిస్తుంది, కానీ ఆ ఒక్క రోజు మీదే సర్వీసు ఏళ్లు ఆధారపడే సందర్భాలున్నాయి. ఆరు నెలలు దాటితే ఒక ఏడాదిగా లెక్క పెట్టాలి, దాటకపోతే లేదు. అందుకని "ఆఖరి పని రోజు 2026 ఆగస్టు 31, సోమవారం" అని తేదీ, వారం కలిపి రాయండి. "నుంచి", "లోపు", "నెలాఖరుకి" లాంటి మాటలు నోటీసులో ఉండకూడదు.

రెండోది గోడ. గోడమీద అంటించిన కాగితం నోటీసు కాదు. నోటీసు మనిషి పేరుమీద రాతలో ఉండాలి, కారణం చెప్పాలి, నెల రోజుల ముందు అతని చేతికి అందాలి. ఆ నెల నోటీసు మీద వేసిన తేదీ నుంచి కాదు, అతనికి అందిన రోజు నుంచి లెక్క. ఆగస్టు 31 ఆఖరి రోజు అయితే జులై 31, శుక్రవారం సాయంత్రంలోపు ప్రతి ఒక్కరి చేతికీ అందాలి. నకలు మీద "అందింది" అని తేదీ వేసి సంతకం చేయించుకోండి. "ఒప్పుకుంటున్నాను" అని రాయించుకోవద్దు. అందినట్టు మాత్రమే రాయించుకోండి. సెలవులో ఊరెళ్లినవాళ్లుంటే ఇంటి చిరునామాకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అది వాళ్లకు ఆగస్టు 4న అందితే వాళ్లకు మాత్రం నెల సెప్టెంబరులోకి వెళ్తుంది. లేదా మిగిలిన నాలుగైదు రోజులకు జీతం కట్టి 31తోనే ముగించవచ్చు.

ఈ "జీతం కట్టి ముగించడం" మీకు పనికొచ్చే వెసులుబాటు. నెల రోజులు పని చేయించక్కర్లేదు, ఆ నెల జీతం ఇస్తే చాలు. ఆగస్టు 20కే ఆర్డర్లు అయిపోతే మెషిన్ ఆపేసి ఇంటికి పంపవచ్చు. అయితే నోటీసులో ఆఖరిగా పనికి వచ్చే రోజు, ఉద్యోగం ముగిసే రోజు రెండూ విడివిడిగా రాయండి. ఉద్యోగం 31 వరకు ఉన్నట్టే, జీతం 31 వరకే, సర్వీసు కూడా 31 వరకే. ఇలా రాయకపోతే ఇంటికి వెళ్లిపోయిన రోజుతోనే ఉద్యోగం పోయిందని ఒకరు, పోలేదని ఒకరు వాదించుకోవాల్సి వస్తుంది.

నోటీసు ఇలా ఉంటే సరిపోతుంది. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి తీయించండి. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద పెట్టిన సంతకానికి పెద్ద విలువ ఉండదు.

> తేదీ: 2026 జులై 31
>
> శ్రీ / శ్రీమతి ............... గారికి, (పని: ..............., చేరిన తేదీ: ...............)
>
> అచ్చు పనులు తగ్గి మూడేళ్లుగా నష్టం వస్తున్నందువల్ల మన ప్రెస్సును పూర్తిగా మూసివేస్తున్నాము. మీ ఆఖరి పని రోజు 2026 ఆగస్టు 31, సోమవారం. ఆ రోజుతో మీ ఉద్యోగం ముగుస్తుంది. ఈ కాగితం మీకు నెల రోజుల నోటీసు.
>
> మీకు రావలసినవి: ఆగస్టు జీతం రూ. ........; వాడుకోని సెలవులకు రూ. ........; మూసివేత పరిహారం రూ. ........ (........ ఏళ్లకు), గ్రాట్యుటీ రూ. ........ (........ ఏళ్లకు). మీకు ఇచ్చిన అడ్వాన్సులో మిగిలింది రూ. ........
>
> పరిహారం ఆగస్టు 31న, జీతం, సెలవుల డబ్బు సెప్టెంబరు 2లోపు, గ్రాట్యుటీ సెప్టెంబరు 30లోపు మీ బ్యాంకు ఖాతాలో వేస్తాము. లెక్కలో తేడా ఉందనిపిస్తే ఆగస్టు 15లోపు చెప్పండి, హాజరు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుని చూద్దాం.
>
> యజమాని సంతకం

ఈ కాగితంలో ముఖ్యమైనది అంకెలున్న పేరా. "నిబంధనల ప్రకారం చెల్లిస్తాము" అని రాసే నోటీసులు నేను చాలా చూశాను. అది చదివిన మనిషికి తన చేతికి ఎంత వస్తుందో తెలియదు. ఆ నెలంతా టీ కొట్టు దగ్గర లెక్కలు వేసుకుంటూ, ఒకరికి ఎక్కువ తనకు తక్కువ అనుకుంటూ గడుపుతాడు. మీ దగ్గర ఏళ్ల తరబడి ఉన్నవాళ్లను ఆ అవస్థలో పెట్టకండి. నోటీసు ఇచ్చేనాటికే అంకె వేసి ఇవ్వండి. తప్పుంటే దిద్దుకోవడానికి నెల టైం ఉంటుంది.

అంకె ఎలా వేయాలో ముగ్గురి లెక్క వేసి చూపిస్తాను. మీరు పేర్లు, జీతాలు రాయలేదు కాబట్టి ఇవి నేను ఊహించుకున్న మనుషులు.

మెషిన్ మేన్ 2014 జూన్ 12న చేరాడు, నెలకు రూ. 18,000. మీరు బాధ్యత తీసుకున్న 2019 నుంచి లెక్క వేయడం కుదరదు. యజమాని మారాడు కానీ ప్రెస్సు మారలేదు, అతని పనీ ఆగలేదు. నాన్నగారి దగ్గర చేసిన ఐదేళ్లు కూడా సర్వీసే. చేరిన రోజు నుంచి ఆగస్టు 31 వరకు పన్నెండేళ్ల రెండు నెలల చిల్లర. చిల్లర ఆరు నెలలు దాటలేదు కాబట్టి పన్నెండేళ్లు. మూసివేత పరిహారం ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం. నెలజీతగాడికి ఆఖరి మూడు పూర్తి నెలల సగటు తీసుకోవాలి. జీతం మారకపోతే అది రూ. 18,000, అందులో సగం రూ. 9,000. పన్నెండేళ్లకు రూ. 1,08,000.

అతని గ్రాట్యుటీ లెక్క వేరు. ఇక్కడా ఏడాదికి పదిహేను రోజులే, కానీ నెలను 26 రోజులుగా భాగించాలని ఆ చట్టమే చెప్పింది. 18,000ను 15తో గుణించి 26తో భాగిస్తే రూ. 10,384 పైచిలుకు. పన్నెండేళ్లకు రూ. 1,24,615. చాలామంది పరిహారానికి కూడా 26 వేస్తారు, కొందరు గ్రాట్యుటీకి కూడా 30 వేస్తారు. రెండూ తప్పే. పరిహారానికి సగం నెల, గ్రాట్యుటీకి 26. ఈ రెండూ ఒకదానికొకటి బదులు కావు, రెండూ ఇవ్వాలి. మెషిన్ మేన్‌కి రెండూ కలిపి రూ. 2,32,615.

ఇప్పుడు తొమ్మిది మందే ఉన్నారు కదా, పదిమంది లేనిచోట గ్రాట్యుటీ ఎందుకని మీకు అనిపించవచ్చు. పన్నెండు మంది ఉన్నప్పుడే అది మీ ప్రెస్సుకి అంటుకుంది. ఒకసారి వర్తించాక తర్వాత మంది తగ్గినా వదలదు. మీ ఉత్తరంలో "ఒకప్పుడు పన్నెండు మంది" అని మీరే రాశారు. ఆ రోజుల హాజరు పుస్తకం వాళ్లలో ఎవరికీ గుర్తుండకపోవచ్చు, మీకు గుర్తుంది. దాని మీదే నిలబడండి.

బైండింగ్ దగ్గర పనిచేసే ఆవిడ 2021 జనవరి 5న చేరింది, జీతం రూ. 14,000 అనుకుందాం. ఐదేళ్ల ఏడు నెలలు దాటింది. ఏడు నెలలు ఆరు దాటినట్టే కాబట్టి ఆరేళ్లు. పరిహారం ఏడు వేల చొప్పున రూ. 42,000. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాయి కాబట్టి అదీ ఉంది. దానికీ ఆరేళ్లే లెక్క, రూ. 48,462. ఈవిడకి నెలజీతం కాకుండా రోజుకూలి ఇస్తుంటే సగటును ఆఖరి పన్నెండు పూర్తి పనిదినాల మీద తీయాలి. అందుకోసం హాజరు పుస్తకంలో "సగం పూట" రాసిన రోజులు పక్కన పెట్టండి.

మూడోవాడి దగ్గరే ఎక్కువ మంది పొరబడతారు. ప్లేట్లు తీసే కుర్రాడు 2025 అక్టోబరు 10న చేరాడు, జీతం రూ. 13,500. "ఏడాది నిండలేదు, వాడికేం లేదు" అంటారు. చేరి 326 రోజులే అయిన మాట నిజం. కానీ చట్టం ఏడాది సర్వీసు అన్నప్పుడు అడిగేది గత పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేశాడా అని. జీతం కట్టిన వారపు సెలవులు, పండగ సెలవులు కూడా ఆ 240లో కలుస్తాయి. కుర్రాడు జ్వరమొచ్చి ఇరవై రోజులు, చెల్లెలి పెళ్లికి ఇంకో పది రోజులు జీతం లేకుండా మానేసినా 296 మిగులుతాయి. అంటే ఏడాది సర్వీసు ఉన్నట్టే. అతనికి నెల నోటీసు ఇవ్వాలి, పదిహేను రోజుల పరిహారం రూ. 6,750 ఇవ్వాలి. గ్రాట్యుటీ మాత్రం రాదు, దానికి ఐదేళ్లు కావాలి. మీ దగ్గర ఇలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో చూడండి. రూ. 6,750 ఎగ్గొట్టారన్న మాట పట్టణంలో మీ వెనక తిరగడం నాకు ఇష్టం లేదు.

ముగ్గురికీ ఒకే మొత్తంగా జీతం ఇస్తున్నారనుకుని ఈ లెక్క వేశాను. మీరు ఇంటద్దె, ప్రయాణం అని విడగొట్టి రాస్తుంటే, ఆ భత్యాలన్నీ కలిపి మొత్తంలో సగం దాటనివ్వదు కొత్త కోడ్. దాటిన భాగాన్ని జీతంలో కలిపి లెక్క వేయాలి.

లెక్కలు రాసే ఆయన్ని మీరు "మేనేజర్ గారు" అని పిలుస్తుండవచ్చు. పిలుపు ముఖ్యం కాదు, రోజంతా చేసే పని ఏమిటన్నదే ముఖ్యం. బిల్లులు రాయడం, లెడ్జరు వేయడం, పేపరు స్టాకు చూసుకోవడం గుమాస్తా పని. జీతం ఎంతైనా ఆయన పనివాడే, పరిహారం వస్తుంది. ఎవరిని తీసుకోవాలి, ఎవరికి సెలవు ఇవ్వాలి అని నిజంగా నిర్ణయించేవాడు అయితే ఆ పరిహారం వర్తించదు. అయినా ఐదేళ్లు నిండిన గ్రాట్యుటీ ఆయనకీ ఉంటుంది. అడ్వాన్సుల విషయంలో ఒకటే మాట: పుస్తకంలో సంతకంతో ఉన్నదే పట్టుకోండి. "అప్పుడెప్పుడో ఇచ్చాను" అన్నది వదిలేయండి.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది మీ అసలు బాధ అని నాకు అర్థమైంది. పైన వేసిన ముగ్గురికే రూ. 3,29,827 అవుతోంది, తొమ్మిది మందికీ కలిపితే ఇంకా ఎక్కువ. కానీ మొత్తం ఒకే రోజు కట్టక్కర్లేదు. మూసేశాక జీతం, సెలవుల డబ్బు రెండు పనిదినాల్లో కట్టాలి. అంటే సెప్టెంబరు 2 సాయంత్రంలోపు. మూసివేత పరిహారం ఆఖరి రోజుకే చేతిలో ఉండేటట్టు చూసుకోండి. ముగ్గురికీ అది రూ. 1,56,750. గ్రాట్యుటీకి ముప్పై రోజుల గడువు ఉంది. అది మిగిలిన రూ. 1,73,077. గడువు దాటితే వడ్డీ పడుతుంది. కాబట్టి ఆగస్టు 31కి ఒక మొత్తం, సెప్టెంబరు 30కి ఇంకో మొత్తం సిద్ధం చేసుకోవాలి.

ఆ రెండో మొత్తాన్ని మెషిన్ అమ్మి కడదామనుకుంటే ముందుగా బ్యాంకు కాగితాలు తీయండి. లోను మీద తెచ్చిన మెషిన్ అయితే బ్యాంకుకి హైపోథికేషన్‌లో ఉంటుంది. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అమ్మకూడదు. సెకండ్‌హ్యాండ్ ఆఫ్‌సెట్ మెషిన్‌కి కొనేవాడు దొరకడానికీ టైం పడుతుంది. అందుకని నోటీసు తేదీ ఖాయం చేసేముందే బ్యాంకుతో మాట్లాడండి. డబ్బు సిద్ధంగా లేకపోతే నెల ఆగి, సెప్టెంబరు నెలాఖరు తేదీ వేసినా నష్టం తక్కువే. ముప్పై రోజులు ఎక్కువ నడపడం కంటే, చేతికివ్వలేని అంకెను నోటీసులో రాయడం చాలా చెడ్డది. పేపరు డీలరుకి ఇవ్వాల్సిందీ ఉంటుందని తెలుసు. అతనికి వాయిదాలు అడగండి, ఇస్తాడు. పనివాళ్లను వాయిదా అడగొద్దు. డీలరుకి ఇంకో ఇరవై ప్రెస్సులున్నాయి, మీ బైండింగ్ ఆవిడకి ఉన్నది మీ ప్రెస్సు ఒక్కటే.

ఇంకో సందర్భం కూడా ఉంది. ఒకవేళ మెషిన్ మాత్రమే కాకుండా ప్రెస్సునే మరొకరు కొని, అదే పనివాళ్లను అదే జీతం మీద, పాత సర్వీసు కలుపుకుంటానని రాసిస్తే అది మూసివేత కాదు, చేతులు మారడం. అప్పుడు పరిహారం అక్కర్లేదు. కొనేవాడు "చూద్దాం, తీసుకుంటాం" అని నోటితో అన్న మాట మీద మాత్రం పరిహారం ఆపకండి.

ప్రావిడెంట్ ఫండు మీకు ఇరవై మంది ఎప్పుడూ లేరు కాబట్టి ఉండకపోవచ్చు. ఉంటే మాత్రం ప్రతి ఒక్కరికీ మానిన తేదీని ఆన్‌లైన్‌లో వేయడం మర్చిపోకండి. ఆ తేదీ లేక డబ్బు తీసుకోలేక తిరిగినవాళ్లను చాలామందిని చూశాను.

చెప్పే విధానం గురించి కూడా ఒక మాట. జులై 31 సాయంత్రం మెషిన్ ఆపాక అందరినీ కూర్చోబెట్టి, నోటితో చెప్పిన తర్వాతే కాగితం ఇవ్వండి. ఒకరికి పొద్దున, ఒకరికి సాయంత్రం వద్దు. పాతపట్నం బస్సు ఎక్కినవాళ్లు ఆ రాత్రికి ఊరంతా చెప్పేస్తారు, మిగిలినవాళ్లకు ఆ వార్త బజారులో తెలుస్తుంది. కటింగ్ మెషిన్ మీద ఒడియా మాత్రమే చదివే మనిషి ఉంటే అతని పక్కన కూర్చుని ఒడియా కాపీ చదివించండి, అంకె దగ్గర వేలు పెట్టి చూపించండి.

ఆగస్టు 31న పరిహారం ఖాతాల్లో పడ్డాక, ప్రతి ఒక్కరికీ ఏ పని ఎన్నాళ్లు చేశారో లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ రాసివ్వండి. టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో ఇంకో ప్రెస్సుకి వెళ్తే మెషిన్ మేన్‌కి అది పనికొస్తుంది. గది అద్దెవాళ్లకు అప్పగించేటప్పుడు చిత్తుకాగితాల తూకంలో హాజరు పుస్తకాలు, జీతాల పుస్తకాలు పోకుండా చూసుకోండి. జీతం బకాయి మీద మూడేళ్ల వరకు అర్జీ పెట్టుకునే వీలుంది. 2014 నుంచి ఉన్నవన్నీ ఒక ట్రంకు పెట్టెలో కట్టి మీ ఇంట్లోనే పెట్టండి, సంతకం చేసిన నోటీసుల నకళ్లు, బ్యాంకు రసీదులు కూడా అందులోనే.